రెండు గుండ్లు

తండ్రి సంవత్సరీకం లోపు ఇంటికి సున్నం వేయించాలని హాల్లోని గోడ గడియారాన్ని దించినప్పుడు, దాని వెనుక పేరుకున్న దుమ్మును చూసి శారద టీచరు మరమ్మతుకు ఇవ్వడమే మంచిదనుకుంది. పిఠాపురంలో ఒక పాత లోగిలి సామాను వేలం వేసినప్పుడు ఆయన కొన్న గడియారమది. ఆమెకు తెలిసి అది ఏనాడూ గంట కొట్టలేదు.

రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులోని గడియారాల మేస్త్రి పలకను విప్పి, భూతద్దంతో చాలాసేపు చూసి, చివరకు ఆమెను దగ్గరకు పిలిచారు. లోపల గుస్తావ్ బెకర్ ముద్ర, దాని కింద ఆరంకెల సంఖ్య ఉన్నాయి. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న, అప్పటి జర్మనీ ఊరైన ఫ్రైబుర్గ్‌లో తయారైన గడియారమది. ఆ కర్మాగారం 1892 ప్రాంతంలోనే పది లక్షల సంఖ్య దాటింది కాబట్టి ఇది అంతకు ముందుదని ఆయన వివరించారు.

"బెకర్ గడియారాలు మన వైపు చాలా ఇళ్లలో ఉన్నాయమ్మా. వాటికి స్ప్రింగుతో నడిచే రెండు కీ రంధ్రాలే ఉంటాయి. దీనికి మూడున్నాయి, మూడింటికీ గుండ్లు ఉండాలి. ప్రతి పావుగంటకూ పావులు కొట్టి, వెంటనే గంటలు కూడా కొట్టే రకమిది. నా సర్వీసులో ఇలాంటిది ఇంకొకటే చూశాను. గుండ్లు మూడూ ఉంటే రెండు లక్షలకు తక్కువ చెప్పకండి. ఉన్నది మధ్య గుండు ఒక్కటే. అది కాలం నడుపుతుంది, అంతే. మిగిలినవేవి?"

లోలకం ఊగే కాలం దాని పొడవును బట్టే ఉంటుందని ఏటా పిల్లలకు ఆ గడియారాన్నే ఉదాహరణగా చెబుతూ వచ్చిన శారదకు, మిగతా రెండు రంధ్రాలు ఎందుకున్నాయని తండ్రిని ఒక్కసారైనా అడగాలని తోచలేదు.

ఇంటికి వచ్చి అడిగితే తల్లి మారుమాట లేకుండా అటక మీది రేకుపెట్టె చూపించింది. అడుగున, పాత నేతచీర ముక్కలో చుట్టి, రెండు ఇత్తడి గుండ్లు దొరికాయి.

"పసిదానివప్పుడు పావుగంటకోసారి ఉలిక్కిపడి ఏడ్చేదానివి. మీ నాన్న ఆ రాత్రే తీసేశారు. తర్వాత నీ పదో తరగతి, ఆ తర్వాత డీఎస్సీ చదువు. మళ్లీ తగిలిద్దామంటే, అమ్మాయి చదువుకుంటోంది, ఇప్పుడెందుకులే అనేవారు. ఎంతో ముచ్చటపడి కొన్నారే, ఆ పావుగంటల కోసమే!"

మర్నాడు బడి వదలగానే శారద గుండ్లు తీసుకుని మేస్త్రి దగ్గరకు వెళ్లింది. ఆయన వాటిని చేతిలో తూచినట్టు పట్టుకుని, కొనేవారు హైదరాబాదులో ఉన్నారు, కబురు పెట్టమంటారా అని అడిగారు.

"వద్దండీ. కొత్త తాళ్లు వేసి, నూనె పెట్టి, మూడూ తగిలించండి. సంవత్సరీకానికి నాలుగు రోజుల ముందే కావాలి," అని ఆమె అడ్వాన్సు లెక్కపెట్టి ఇచ్చింది.