నల్ల గొర్రెలు ఎటు పోయినయ్?
(వాయిస్ ఓవర్ స్క్రిప్ట్)

[తెల్లవారుజాము. నారాయణపేట బజారు, షాపుల షట్టర్లు లేస్తున్న చప్పుడు]

నారాయణపేట అనగానే అందరికీ చీరే గుర్తొస్తుంది. చీరల దుకాణాలు దాటి, కురుమల ఇళ్ల వైపు నడిస్తే ఇంకో మగ్గం కనిపిస్తుంది. దాని మీద పట్టూ ఉండదు, నూలూ ఉండదు. గొర్రె బొచ్చు ఉంటుంది. నేసేది గొంగడి.

[వాకిట్లో బొచ్చు కుప్ప. ముసలమ్మ చేతులు దగ్గరగా]

ముందు వాసన గురించి చెప్పాలి, అది కెమెరాకు ఎక్కదు కాబట్టి. తడి గొర్రె వాసన, దాని మీద ఉడికిన చింతగింజల గంజి వాసన. మా కెమెరామెన్ మొదటి గంట ముక్కు మూసుకునే పని చేశాడు.

కత్తిరించిన బొచ్చులోంచి ముళ్లు, మట్టి ఏరి పారేస్తారు. పొడి పొడిగా విడదీసి రాట్నం మీద వడుకుతారు. వడకడం ఆడవాళ్ల పని, నేయడం మగవాళ్ల పని. ఈమె ఎడమ చేతి వేళ్ల మధ్య బొచ్చు పాయ దూదిలా సాగుతుంది, తెగదు. కళ్లు మాత్రం వీధిలోకే ఉంటాయి, ఎవరు పోతున్నారో చూస్తూ.

[వీధి పొడవునా పరిచిన పడుగు. పెద్దాయన కుంచెతో గంజి పూస్తున్నాడు]

గంజి ఎక్కితేనే ఈ ముతక దారం మగ్గం దెబ్బకు ఆగుతుంది. వానలో తడిస్తే ఉన్ని ఉబ్బి నేత సందులు మూసుకుంటాయి. అందుకే కాపరి గొంగడిని నెత్తిన కొప్పెర వేసుకుని వానలోనూ మందను కాసేవాడు. రాత్రి అదే పరుపు, అదే దుప్పటి. కురుమల కులదైవం బీరప్ప పండుగలోనూ గొంగడి పరవాల్సిందే.

[మంద. అన్నీ తెల్లవి, పొట్టి వెంట్రుకలవి]

గొంగడి నేత ఎందుకు తగ్గిపోతోందని అడిగితే, నేర్చుకునే పిల్లలు లేరంటారు, నిజమే. రెయిన్‌కోటు, మిల్లు రగ్గు చవకగా దొరుకుతున్నాయి, అదీ నిజమే. కానీ మగ్గం కంటే ముందు కరువైంది గొర్రె. ఉన్నిచ్చేది దక్కనీ నల్ల గొర్రె. మాంసానికి గిరాకీ పెరిగాక కాపరులు త్వరగా బరువొచ్చే నెల్లూరు జాతి పొట్టేళ్లను మందలో కలిపారు. వాటికి బొచ్చు రాదు. 2017లో మొదలైన సర్కారు గొర్రెల పంపిణీ పథకంలోనూ ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు అని లెక్క కట్టారు తప్ప ఉన్ని ఊసెత్తలేదు. కాపరిని తప్పుపట్టలేం. ఉన్ని కొనేవాడు లేనప్పుడు కత్తిరించే కూలీ కూడా దండగే.

[మగ్గం. సగం నేసిన గొంగడి]

ఈ గొంగడి ఆగి పదిహేను రోజులైంది. ఇంకో రెండు మూరలకు దారం చాలదు. కర్ణాటక సరిహద్దు దాటి ఒక మంద వచ్చిందని నిన్న ఎవరో చెప్పారట.

[పెద్దాయన, చెవి దగ్గర ఫోన్. అసలు శబ్దం]

"ఆ, నేనే బిడ్డా. ఎన్నున్నయ్? ...అది సరే. నల్లయేనా?"