జూన్ 14 బోర్డు మీటింగు: 14 పేజీల ఇంగ్లీషు మినిట్స్‌కి తెలుగు సారాంశం

పలాస, 16 జూన్ 2025

డైరెక్టర్లకు, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్ల గ్రూపు లీడర్లకు నమస్కారం.

శనివారం మన జీడి రైతుల కంపెనీ బోర్డు కూర్చుంది. 10 మంది డైరెక్టర్లలో 8 మంది వచ్చారు. మినిట్స్ ఇంకా డ్రాఫ్టే. వచ్చే మీటింగులో ఖరారవుతాయి.

పిక్కల బాకీ

సగం మీటింగు దీనికే పట్టింది. 80 కిలోల బస్తాలు 410 తీసుకున్నాం, 62 మందికి ఇంకా డబ్బు పడలేదు. రైతులు ఎదురుచూస్తున్నది దీని కోసమే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నిర్ణయం: మొత్తం బాకీ ఒకేసారి బ్యాంకు ఖాతాల్లో వేయాలి.
బాధ్యత: సీఈఓ గారు.
గడువు: జూన్ 30.

అంతకంటే ముందు, ఖాతా నంబర్లు తప్పుగా ఉన్న 9 మంది పాసుబుక్కు కాపీలను గ్రూపు లీడర్లు జూన్ 20 లోగా ఆఫీసుకు పంపాలి. ఆ 9 మంది జాబితా లీడర్లకు విడిగా పంపాను.

మినిట్స్ 4వ పేజీలో జూన్ 30 అని, చివరి పట్టికలో జూలై 5 అని ఉంది. ఛైర్మన్ గారిని ఫోన్లో అడిగాను. జూన్ 30 సరైనదన్నారు, పట్టికను వచ్చే మీటింగులో సరిచేస్తారు.

టార్పాలిన్లు, తేమ మీటర్లు

వానకు పిక్కలు తడిసి రేటు పడిపోతోంది. 40 టార్పాలిన్లు, 2 తేమ మీటర్లు కొనాలని తీర్మానించారు. ఖర్చు రూ.1,20,000 దాటకూడదు, మూడు కొటేషన్లు ఉండాలి. కొనుగోళ్ల కమిటీ జూలై 10 లోగా పూర్తి చేయాలి.

గోదాము ఇన్సూరెన్స్

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని ఏం చేసిందో అందరికీ గుర్తే. అందుకే సెప్టెంబరు 15 లోగా పాలసీ రెన్యువల్ చేయాలని నిర్ణయించారు. ఎవరు చేయాలో మాత్రం మినిట్స్‌లో లేదు. నేను ఊహించి ఎవరి పేరూ పెట్టలేదు. ఛైర్మన్ గారు జూన్ 18న చెప్తానన్నారు, తెలిసిన వెంటనే గ్రూపులో పెడతాను.

నిర్ణయం కానిది

కొత్త బాయిలర్ గురించి మూడు పేజీలున్నాయి. చివర్లో ‘మే కన్సిడర్’ అని రాశారు. అంటే ఆలోచించవచ్చు అని మాత్రమే. బాయిలర్ వస్తోందని ఊళ్లో ఎవరికీ చెప్పవద్దు.

వార్షిక సర్వసభ్య సమావేశం

సెప్టెంబరు 21, ఆదివారం. ఆడిట్ రిపోర్టు అకౌంటెంటు గారు ఆగస్టు 20 లోగా తేవాలి. చట్టం ప్రకారం కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కంపెనీ సెక్రటరీ గారు సెప్టెంబరు 5 లోగా పంపుతారు.

వచ్చే బోర్డు మీటింగు ఆగస్టు 30, శనివారం ఉదయం 10 గంటలకు, పలాస ఆఫీసులో. ఇందులో ఏదైనా తప్పు కనిపిస్తే జూన్ 19 లోగా నాకు చెప్పండి. ఇంగ్లీషు మినిట్స్ కాపీ ఆఫీసులో ఉంది, ఎవరైనా వచ్చి సరిచూసుకోవచ్చు.

— ఆఫీసు అసిస్టెంటు