వార్ఫరిన్ మొదలుపెడుతున్న పేషెంటుకు సూచనల పత్రం

పేషెంటు: 58 ఏళ్ల మహిళ, పర్లాకిమిడి
జబ్బు: మైట్రల్ కవాటం ఇరుకు కావడం, గుండె లయ తప్పడం
మందు: వార్ఫరిన్ 3 మి.గ్రా., రోజూ రాత్రి 8 గంటలకు ఒక బిళ్ల
రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె, ఐఎన్‌ఆర్ ఉండాల్సింది: 2 నుంచి 3 మధ్య

అమ్మా, మీ గుండె పైగదిలో రక్తం నిలిచి గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అది రాకుండా ఉండడానికే ఈ బిళ్ల. వేసుకున్నాక ఒంట్లో తేడా ఏమీ తెలియదు, అందుకని మానేయకండి.

రాత్రి మరిచిపోయి పడుకునేలోపు గుర్తొస్తే వేసుకోండి. తెల్లారాక గుర్తొస్తే దాన్ని వదిలేయండి. రెండు బిళ్లలు కలిపి ఎప్పుడూ వద్దు. కొత్త స్ట్రిప్ కొన్నప్పుడు మి.గ్రా. చూడండి: 1, 2, 5 కూడా అమ్ముతారు.

తిండి: ఆకుకూరలు పూర్తిగా మానేయమని చుట్టుపక్కల వాళ్లు చెబుతారు. అవసరం లేదు. వాటిలోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది, కాబట్టి తినే మోతాదు నిలకడగా ఉండాలి, అంతే. వారానికి రెండుసార్లు తోటకూర తినే అలవాటుంటే అలాగే తినండి. చిక్కల్లా, లేత మునగాకు దొరికిందని నాలుగు రోజులు వరసగా వండుకోవడంతోనే. అప్పుడు ఐఎన్‌ఆర్ పడిపోతుంది. ఒక్కసారిగా మానేస్తే పెరుగుతుంది. అన్నం, పప్పు, చేపలు, చద్దన్నం మామూలే. కార్తీక మాసం ఉపవాసాలుంటే ముందే చెప్పండి. విరేచనాలతో తిండి పోకపోయినా చెప్పాలి. ఇప్పసారా, జీలుగు కల్లు ముట్టవద్దు.

వేరే మందులు: మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. పారాసెటమాల్ వేసుకోవచ్చు, రెండు మూడు రోజులు దాటితే అడగండి. మెట్రొనిడజోల్, సెప్ట్రాన్ లాంటివి ఈ బిళ్లతో కలిస్తే రక్తాన్ని మరీ పలచన చేస్తాయి. పసర్లు, ఆకు మందులు మాకు చెప్పకుండా వద్దు. పాతపట్నంలో డాక్టరుకు చూపించుకున్నా, ఇక్కడి షాపులో అడిగినా, ముందు ఈ కాగితం చూపండి. పన్ను పీకించుకోవాలన్నా, కండలోకి ఇంజెక్షన్ అన్నా ఇదే మాట.

రక్తస్రావం: పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనిపిస్తే ఆ రోజే రండి. ఆగకుండా పది నిమిషాలు దాటిన ముక్కు రక్తం, ఎర్రటి మూత్రం, తారులాంటి నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ఎప్పుడూ లేనంత తలనొప్పి: వీటికి ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. (ఐరన్ బిళ్లలకు కూడా విరేచనం నల్లబడుతుంది, అయినా మీరే తేల్చుకోవద్దు.) తలకు దెబ్బ తగిలితే పైకి రక్తం రాకపోయినా ఆసుపత్రికి రావాల్సిందే. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అంతే.

పరీక్షలు: బిళ్ల ఈ సోమవారం రాత్రి మొదలు. మొదటి ఐఎన్‌ఆర్ గురువారం, తర్వాతిది వచ్చే సోమవారం. ఆపైన వారం వారం. రెండు మూడుసార్లు వరసగా 2, 3 మధ్య వస్తే నాలుగు వారాలకోసారి చాలు. రిపోర్టు చూశాక మోతాదు మేమే మారుస్తాం, మీ ఐఎన్‌ఆర్ పుస్తకంలో రాసిస్తాం. ఉదయాన్నే రండి, పరగడుపున ఉండక్కర్లేదు. పుస్తకం, మిగిలిన బిళ్లల స్ట్రిప్ మాత్రం వెంట తెచ్చుకోండి.