పేర్లు తెలియని ఎంపిక సంఘానికి రాసే ఉత్తరంలో సంబోధన: లలితకు పంపిన కాగితం

లలితా,

నువ్వు పంపిన ప్రకటన రెండుసార్లు చదివాను. గ్రంథాలయ సహాయకురాలి ఉద్యోగం, దరఖాస్తు స్వదస్తూరీతో తెలుగులోనే ఉండాలి, చిరునామా దగ్గర 'ఎంపిక సంఘం' అని తప్ప ఒక్క పేరూ లేదు. ఐదుగురు సభ్యులని మాత్రం రాశారు. సంబోధన దగ్గరే ఆగిపోయానన్నావు కాబట్టి, మొదటి వాక్యంతో సహా రాసి పంపుతున్నాను. నీకు నప్పినది తీసుకో.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఇది:

"ఎంపిక సంఘం అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారాలు. గ్రంథాలయ సహాయకురాలి ఉద్యోగానికి మీరు ఇచ్చిన ప్రకటన చూసి ఈ దరఖాస్తు పంపుతున్నాను."

'అధ్యక్షులు' అన్న మాటలో ఎంత వెసులుబాటు ఉందో చూడు. ఆ కుర్చీలో కూర్చున్నది ఆడవారో మగవారో నీకు తెలియదు, తెలియనక్కర్లేదు. మన భాషలో గౌరవ బహువచనం ఇద్దరికీ సరిపోతుంది. 'అధ్యక్షుడు', 'అధ్యక్షురాలు' అని తేల్చాల్సిన పని ఉండదు. ఇంకొకటి, 'సభ్యులకు' అని రాసి కామా పెట్టి, నేరుగా 'మీ ప్రకటన చూశాను' అని మొదలుపెడితే ఆ 'కు' గాలిలో వేలాడుతుంది. అందుకే 'నమస్కారాలు' అని ముగించాను.

కొంచెం లాంఛనంగా ఉండాలనుకుంటే:

"గౌరవనీయులైన ఎంపిక సంఘం సభ్యులకు నమస్కారాలు."

దీన్ని 'గౌ॥' అని కుదించకు. ఆహ్వాన పత్రికల మీద మంత్రుల పేర్ల ముందు అలా వేస్తారు. చేత్తో రాసే ఉత్తరంలో అది తొందరపాటుగా కనిపిస్తుంది. 'సభ్యుల గారికి' అని కూడా రాయకు. 'గారు' ఒక పేరుకో పదవికో చేరుతుంది కానీ గుంపుకు చేరదు.

గ్రంథాలయం వాళ్లు కాస్త పాతకాలపు పద్ధతి ఇష్టపడతారని నీకు అనిపిస్తే, పైన విడిగా చిరునామా రాసి, కింద:

"ఆర్యా,
తమ గ్రంథాలయంలో సహాయకురాలి ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసి ఈ విన్నపం పంపుకుంటున్నాను."

పొట్టిగా, హుందాగా ఉంటుంది. అయితే 'ఆర్యా' అన్నది ఒక్క మగవారిని పిలిచే పిలుపు. ఐదుగురు చదివే ఉత్తరానికి అది చాలదని నా అభిప్రాయం. వాడితే 'తమ', 'తమరు' అన్న మాటలు చివరి దాకా నడపాలి. మధ్యలో 'మీ'లోకి జారితే అతుకు తెలిసిపోతుంది.

"అయ్యా, అమ్మా," అని కూడా రాయవచ్చు. మధ్యలో గీత పెట్టకుండా కామాతో రాయి. గీత పెడితే అనవసరమైనది కొట్టివేయమని అడిగే ఫారంలా ఉంటుంది. 'అయ్యా' ఒక్కటే రాయడం మాత్రం వద్దే వద్దు. నేను పని చేసిన ఒక బడిలో ఉపాధ్యాయుల ఎంపికకు కూర్చున్న నలుగురిలో ముగ్గురం ఆడవాళ్లం. వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు 'అయ్యా' అనే మొదలయ్యాయి. ఒక్క అమ్మాయి మాత్రం 'సభ్యులందరికీ నమస్కారం' అని రాసింది. ఆ ఉత్తరాన్ని మేము ఒకరి చేతిలోంచి ఒకరం తీసుకుని చదివాం. ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది దానివల్ల కాదు, బాగా పాఠం చెప్పి తెచ్చుకుంది. కానీ మా నలుగురినీ చూసి మాట్లాడినట్టున్న ఆ పిలుపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కార్యదర్శి ఉన్నారని గ్రంథాలయానికి ఫోను చేసి తెలుసుకోగలిగితే, పేరు తెలియకపోయినా ఇలా:

"గ్రంథాలయ కార్యదర్శి గారికి, వారి ద్వారా ఎంపిక సంఘం సభ్యులకు నమస్కారాలు."

ఉత్తరం మొదట కార్యదర్శి బల్ల మీదికే వెళ్తుంది కాబట్టి ఇది సహజంగా ఉంటుంది.

నువ్వు రాసిన చిత్తులో 'ప్రియమైన సభ్యులకు' అని ఉంది. తీసెయ్యి. ఇంగ్లీషు ఉత్తరంలో ఆ మాట అలవాటుగా వచ్చేస్తుంది కానీ తెలుగులో 'ప్రియమైన' అంటే నేను నీకు రాసేటప్పటి మాట. 'మహాశయులారా' అంటే సభలో మైకు ముందు నిలబడినట్టు ఉంటుంది. 'సంబంధిత అధికారులకు' అంటే ఎవరికి రాస్తున్నావో నీకే పట్టనట్టు ఉంటుంది. వాళ్లెవరో ప్రకటనలోనే చెప్పారు కదా, ఎంపిక సంఘమని.

కవరు మీద 'ఎంపిక సంఘం అధ్యక్షులు' అని రాసి, కింద గ్రంథాలయం చిరునామా వెయ్యి. లోపల మొదటిదే పెట్టుకోమని నా మాట. చివర 'ఇట్లు, భవదీయురాలు' అని రాసి సంతకం చెయ్యి. 20వ తేదీలోగా అందాలన్నారు కాబట్టి సోమవారం ఉదయమే స్పీడు పోస్టులో వేసి, రసీదు దాచుకో.

మీ పిన్ని