గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్: స్లైడ్ 4 నుంచి మొదలుపెడదాం

అందరూ వచ్చినట్టే కదా, మొదలుపెడుతున్నా. సార్ ఇచ్చిన పీడీఎఫ్‌లో 12 స్లైడ్లున్నాయి. అన్నీ చెప్పను. మొదటి మూడూ చరిత్రే, ఇంట్లో చదివేసుకోవచ్చు. 1856లో యూనిస్ ఫుట్ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం బాగా వేడెక్కిందని చూపించింది. 1859లో టిండాల్ ఏ వాయువు ఎంత ఉష్ణ వికిరణాన్ని పీల్చుకుంటుందో కొలవడం మొదలుపెట్టాడు. 1896లో అరీనియస్, కార్బన్ డయాక్సైడ్ మారితే భూమి ఉష్ణోగ్రత ఎంత మారుతుందో లెక్క కట్టాడు. అంతే.

ఇప్పుడు స్లైడ్ 4 తీయండి. ఇందులో ఒకే ఒక్క ఈక్వేషన్ ఉంది. దీన్ని చూసి టెన్షన్ పడకండి, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

```
1361 × 0.7 / 4 = σT⁴
```

ఎడమవైపు ఉన్నది భూమికి అందే శక్తి, కుడివైపు ఉన్నది T కెల్విన్ ఉష్ణోగ్రతలో భూమి తిరిగి బయటికి పంపే శక్తి, σ ఒక స్థిరాంకం. రెండూ సమానంగా ఉండాలి. 1361 అంటే భూమి దగ్గర చదరపు మీటరుకు వచ్చే సూర్యశక్తి, వాట్లలో. అందులో 30 శాతం మబ్బులు, మంచు, ఇసుక తిప్పి పంపేస్తాయి, అందుకే 0.7. నాలుగుతో ఎందుకు భాగించాలి? ఎండ తగిలేది గుండ్రటి బిళ్లంత వైశాల్యానికి, πR². కానీ ఆ వేడి పంచుకోవాల్సింది గోళం మొత్తం, 4πR². రాత్రి వైపు కూడా లెక్కలోకి వచ్చేసినట్టే.

చేయండి. ఎడమవైపు 238 వస్తుంది. దాన్ని σ విలువ 5.67 × 10⁻⁸తో భాగించి, వర్గమూలం రెండుసార్లు నొక్కండి. మొదటిసారి 64,800 చిల్లర, రెండోసారి 254.6. అంటే 255 కెల్విన్ అనుకుందాం, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్. అసలు భూమి ఉపరితలం సగటు 15 డిగ్రీలు. ఈ 33 డిగ్రీల తేడా ఎక్కడిది అన్నదే ఈ చాప్టరంతా.

స్లైడ్ 5, 6 కలిపి చెప్పేస్తా. సూర్యుడు దాదాపు 5800 కెల్విన్ వేడిలో ఉన్నాడు, అతని వికిరణం ఎక్కువగా 0.5 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. భూమి చల్లటిది, కాబట్టి ఇది పంపేది 10 మైక్రాన్ల చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్. గాలి మొదటిదాన్ని చాలావరకు లోపలికి వదులుతుంది, రెండోదాన్ని బయటికి పోనివ్వదు. అయితే గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజనే కదా? అవి ఈ ఇన్‌ఫ్రారెడ్‌ను దాదాపుగా పట్టించుకోవు. రెండు ఒకేరకం పరమాణువులు ఎంత ఊగినా డైపోల్ ఏర్పడదు, అంటే ఒకవైపు ప్లస్, ఇంకోవైపు మైనస్ ఛార్జ్ తేలదు. అది లేకపోతే ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకోలేవు. కార్బన్ డయాక్సైడ్ అణువు మాత్రం 15 మైక్రాన్ల దగ్గర వంగుతూ ఊగుతుంది, అక్కడే పీల్చుకుంటుంది. నీటి ఆవిరి వాటా ఇంకా పెద్దది. చలికాలంలో ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉన్న రాత్రి లంబసింగిలో చలి వణికించేస్తుంది. అదే మబ్బు పట్టిన రాత్రైతే అంత ఉండదు. నేల వదిలిన వేడిలో కొంత మబ్బుల నుంచి మళ్లీ కిందికి చేరుతుంది.

స్లైడ్ 7 బొమ్మ నాకు నచ్చలేదు. బాణాలు పైకెళ్లి, ఒక గీతకు తగిలి వెనక్కి వస్తున్నట్టు గీశారు. పరీక్షలో అలా గీస్తే మార్కులు పడొచ్చేమో గానీ, పైన అలాంటి పొర ఏదీ లేదు. కార్బన్ డయాక్సైడ్ పీల్చుకున్న శక్తిని ఎక్కువసార్లు పక్క అణువులను ఢీకొని వాటికి ఇచ్చేస్తుంది, దాంతో చుట్టూ ఉన్న గాలి వేడెక్కుతుంది. గాలిలోని గ్రీన్‌హౌస్ వాయువులు ఆ గాలి ఉష్ణోగ్రతకు తగ్గట్టు అన్ని వైపులా, కిందికి కూడా, వికిరణం పంపుతాయి.

ఈ తేడా ఎందుకు పట్టుకుంటున్నానంటే, స్లైడ్ 8లోని ప్రశ్నకు ఆ బొమ్మతో జవాబు రాదు. ప్రశ్న ఇది: 15 మైక్రాన్ల దగ్గర నేల నుంచి వచ్చేదంతా ఇప్పటికే ఉన్న కార్బన్ డయాక్సైడే పీల్చేస్తుంటే, ఇంకొంచెం కలిపితే కొత్తగా ఏమవుతుంది? మంచి ప్రశ్నే. జవాబు నేల దగ్గర లేదు, పైన ఉంది. కింది గాలి వదిలిన ఇన్‌ఫ్రారెడ్‌ను పైనున్న గాలి మళ్లీ పీల్చేస్తుంది. అలా పైకి పోగా పోగా, గాలి పలచబడిన చోట అది చివరికి అంతరిక్షంలోకి తప్పించుకుంటుంది. ఆ ఎత్తు సగటున 5 కిలోమీటర్లు. కిలోమీటరు పైకి వెళ్తే దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 5ని 6.5తో గుణించండి: 32.5. మన 33 దొరికింది!

ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ పెంచండి. తప్పించుకునే ఎత్తు ఇంకాస్త పైకి జరుగుతుంది. అక్కడ గాలి ఇంకా చల్లన, కాబట్టి బయటికి పంపేది తగ్గుతుంది. లోపలికి మాత్రం అదే 238 వస్తూనే ఉంది. మిగిలిపోయిన శక్తితో కింది నుంచి పైదాకా వేడెక్కి, పైన మళ్లీ 238 బయటికి పోయేదాకా ఆగదు. పారిశ్రామిక యుగానికి ముందు 280 పీపీఎం ఉండేది, ఇప్పుడు 420 దాటింది. రెట్టింపైతే చదరపు మీటరుకు దాదాపు 3.7 వాట్ల లోటు. వేడెక్కిన గాలి ఒక్కో డిగ్రీకి 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, ఆ ఆవిరీ గ్రీన్‌హౌస్ వాయువే కాబట్టి వేడి ఇంకా పెరుగుతుంది. స్లైడ్ 9లో ఉన్నది ఇదే, నేరుగా చదివేయొచ్చు.

మిగతా మూడు స్లైడ్లు వచ్చేసారి. ఈలోగా ఒక లెక్క చేద్దాం. శుక్రుడి దగ్గర సూర్యశక్తి 2600 వాట్లు, అందులో 75 శాతం మబ్బులే తిప్పి పంపేస్తాయి అనుకోండి. ఇదే ఈక్వేషన్‌లో వేయండి. సూర్యుడికి దగ్గరున్నా భూమి కంటే చల్లగా తేలుతుంది, కానీ అసలు అక్కడి నేల 460 డిగ్రీల పైన ఉంటుంది. కాగితాలు తీయండి, ముందు ఎవరికి వస్తే వాళ్లు బోర్డు దగ్గరికి రండి.