మైక్రో పిన్ను

గుంతకల్ జంక్షన్‌లో నిర్మల దిగేసరికి అర్ధరాత్రి దాటింది. నంద్యాల వైపు పోయే బండి అప్పటికే వెళ్లిపోయింది. ఎంక్వయిరీ కిటికీలో ఉన్నాయన తల ఎత్తకుండానే, "ఇంక తెల్లారుజామున ఉంది మేడమ్, అంతే" అన్నాడు.

బండి తప్పినందుకు ఆమెకు పెద్ద బాధ లేదు. వెయిటింగ్ హాల్లో కూర్చుంటే అదే తెల్లారుతుంది. టెన్షనంతా తమ్ముడి గురించే. రెండున్నరకల్లా నంద్యాల స్టేషన్‌కి వస్తానన్నాడు. ఆళ్లగడ్డ దగ్గర ఊరు, బైకు మీద రావాలి. ఆ హైవే మీద రాత్రిళ్లు లారీలే లారీలు. వాడు బయల్దేరకముందే చెప్పాలి. ఫోనేమో అనంతపురం రాకముందే చచ్చిపోయింది.

బ్యాగులో ఛార్జర్ ఉంది, కానీ అది కొడుకుది. రెండూ నల్లవే, ఇంట్లో రెండూ టీవీ పక్కనే పడుంటాయి. వాడిది టైప్-సి. ఆమెది పాత ఫోను, మైక్రో పిన్ను.

టీ కొట్టతను తన ఫోను ఇవ్వబోయాడు. "చేసుకో అక్కా, దీన్దేముంది."

తీసుకుంది గానీ, ఏ నంబరు కొట్టాలి? తమ్ముడిదీ రాదు, మొగుడిదీ రాదు. నోటికొచ్చినది ఒక్కటే, నాన్న బతికున్నప్పుడు ఊళ్లో ఇంట్లో ఉన్న ల్యాండ్‌లైన్ నంబరు. అది తీసేసి ఎన్నేళ్లయిందో. ఫోను తిరిగిచ్చేసింది.

ఒకటో ప్లాట్‌ఫామ్ మీద సామాన్ల కొట్టు సగం షట్టర్ దించి ఉంది. వంగి అడిగితే లోపల్నుంచి కుర్రాడు, "టైప్-సి ఉంది, ఇయర్‌ఫోన్లున్నాయి. మైక్రోది ఇప్పుడెవరు అడుగుతున్నారక్కా?" అన్నాడు. బెంచీ మీద ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు. ఒకడిది ఐఫోను. రెండోవాడు, "మీ సిమ్ నా ఫోన్లో వేయండి ఆంటీ" అని పిన్నీసు కూడా వెతికిచ్చాడు. వేసి చూస్తే సిమ్‌లో నంబర్లేం లేవు, అన్నీ ఫోన్లోనే. పక్కన ట్రంకు పెట్టె మీద కూర్చున్న జవాను తన దగ్గర మూడు పిన్నుల కేబుల్ ఉందన్నాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. తీసి చూస్తే ఆ మూడింట్లో మైక్రోదే విరిగిపోయి ఉంది.

"అది నేనెప్పుడూ వాడలేదు, చూసుకోలేదు మేడమ్" అన్నాడు పాపం, తప్పు తనదే అన్నట్టు.

మళ్లీ టీ కొట్టు దగ్గరికే వచ్చింది. అతను గ్లాసులు కడుగుతూ అన్నాడు: "నువ్వు పెద్ద ఫోన్లోళ్లను అడుగుతాండావు. బటన్ ఫోన్లున్నోళ్లను అడుగు. వాటికి అదే పిన్ను. అదో, బ్రిడ్జి కింద పండుకున్నారే, వాళ్లు."

బ్రిడ్జి కింద పది పన్నెండు మంది ఉన్నారు. బియ్యం మూటలు, గిన్నెల సంచులు, దుప్పట్లలో పిల్లలు. కోసిగి నుంచి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతున్నారు. ఒక అవ్వ మాత్రం మేలుకొని వక్కాకు నములుతోంది.

"చార్జరా? ఉండ్లేకేం. ఒరేయ్ ఈరన్నా, లెయ్."

ఈరన్న తలకింది సంచిలోంచి తీసిచ్చాడు. తెల్లగా ఉండాల్సిన ఛార్జరు పసుపు తిరిగిపోయింది. దాని మీద స్కెచ్‌పెన్నుతో పది అంకెలు రాసి ఉన్నాయి.

"మా మేస్త్రీ నంబరు" అంది అవ్వ. "ఎవరి ఫోన్ పోయినా ఇది చూసి చేస్తారు."

స్తంభానికున్న సాకెట్‌లో పెడితే ఛార్జరు నిలవలేదు, జారి జారి వస్తోంది. ఈరన్న ఖాళీ బీడీ కట్ట కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కింద దోపాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తెరమీద ఎర్రటి గీత వెలిగింది. ఒకటి శాతం. రెండు. ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వచ్చి ఆగింది, మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. ఈలోగా స్టేషన్ గడియారం ఒకటిన్నర దాటింది.

తమ్ముడు రెండో రింగుకే ఎత్తాడు. వెనకాల లారీ హారన్లు.

"యాడుండావురా?"

"శిరివెళ్ల దాటినా. ఏమైంది నీ ఫోన్?"

"చచ్చిపోయింది. బండి తప్పిపోయిందిరా, నేనింకా గుంతకల్లోనే ఉండా. నువ్వు వెనక్కి పో."

"ఇంత దూరం వచ్చి వెనక్కి పోతానా? నంద్యాలలో మా సుబ్బన్న ఇంట్లో పండుకుంటా. దిగినంక ఫోన్ చెయ్."

"ఫోన్ ఉంటే కదరా చేసేది!"

"అయితే నంబరు రాసుకో. తొమ్మిదేండ్ల నించి ఇదే నంబరు అక్కా నాది."

ఆమె టికెట్ వెనక రాసుకుంది. రాశాక ఒకసారి పైకి చదివింది. అవ్వ ఓపిగ్గా విని, వక్కాకు ఉమ్మి వచ్చింది.

"అయిందామా? మావోని ఫోన్ గూడా సచ్చుండాది, పెట్టాల."

"ఇంకో ఐదు నిమిషాలు అవ్వా."

"ఐదంటే ఐదే" అంది అవ్వ, గడియారం కనపడే వైపు తిరిగి కూర్చుంటూ.