సంక్రాంతి పిండివంటల ప్రమోషన్ వీడియో: అంబాజీపేట వంటింటి నుంచి

(స్క్రిప్ట్. మొదటి అర నిమిషం పాట వద్దు, వంటింటి చప్పుళ్ళే వినిపించాలి.)

దృశ్యం: పొయ్యి మీద గిన్నెలో బెల్లం పాకం బుడగలు కడుతోంది. పక్కన పళ్ళెంలో నీళ్ళు. గరిటెతో ఒక చుక్క పాకం నీళ్ళలో పడుతుంది. రెండు వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కడుతుంది. కెమెరా ఆ వేళ్ళ దగ్గరే ఉండాలి.

నేను (ముఖం కనపడకుండా): చూశారాండీ? నీళ్ళలో కరిగిపోకుండా, వేళ్ళకి మెత్తగా ఉండ వస్తే అరిసెల పాకం తయారైనట్టే. ఇంకాస్త ఆగామంటే ముదిరిపోతుంది, అరిసె గట్టిబడుతుంది. తొందరపడి దింపేశామంటే నూనెలో విడిపోతుంది.

అత్తయ్య: చాలమ్మా, దింపెయ్. పిండి పోస్తాను, నువ్వు కలుపు.

దృశ్యం: తడి బియ్యప్పిండి పాకంలో పడుతుంది. తెడ్డుతో కలుపుతున్న చేతులు. నువ్వులు, పైన ఓ గరిటెడు నెయ్యి.

(ఇప్పుడు కెమెరా వైపు తిరగాలి.)

నేను: నమస్తే అండి. మాది కోనసీమలో అంబాజీపేట. పుట్టినరోజు కేకులు, బిస్కట్లు మా ఇంటి నుంచి తీసుకెళ్ళేవాళ్ళకి నేను తెలిసినదాన్నే. ఏడాదంతా ఓవెన్ దగ్గర ఉండేది నేను. సంక్రాంతి నెలలో మాత్రం పొయ్యి మా అత్తయ్యగారిది. పాకం ఎప్పుడు దింపాలో ఆవిడ చెప్పాల్సిందే.

ముందుగా ఒక మాట. మా దగ్గర స్టాకు ఉండదండి. మీ ఆర్డరు వచ్చాకే బియ్యం నానబోస్తాం. అందుకే ముందుగా చెప్పమని ఇంతలా అడుగుతున్నాను. అరిసె అంటే ఒక పూటలో అయ్యే పని కాదు. బియ్యం ఒక రోజంతా నానాలి, నీళ్ళు మారుస్తుండాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. వడగట్టి, తడి ఆరిపోకముందే పిండి పట్టించి, వెంటనే జల్లించాలి. పిండి ఆరితే పాకం ఎంత బాగా వచ్చినా అరిసె విరిగిపోతుంది.

దృశ్యం: అరటాకు ముక్క మీద నెయ్యి రాసి చలిమిడి ముద్దని వేళ్ళతో ఒత్తుతున్న అత్తయ్య. నూనెలో పడ్డ అరిసె పొంగుతుంది. తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కితే నూనె కారుతుంది.

నేను: ఈ నొక్కడం దగ్గర బద్ధకించకూడదండి. నూనె వదలని అరిసె నాలుగో రోజుకే పాత నూనె వాసన కొడుతుంది. మావి పదిహేను రోజులు మెత్తగా ఉంటాయి.

తెర మీద: నువ్వుల అరిసెలు, కిలో 480 రూపాయలు. నేతి అరిసెలు, కిలో 700.

దృశ్యం: మూకుట్లో పొట్టు మినుములు వేగుతున్నాయి.

నేను: ఇవి సున్నుండలకి. పొట్టు తీసిన పప్పు కాదు, పొట్టు మినుములే వాడతాం. సన్నటి సెగ మీద, లోపలి గింజ దాకా వేగాలి. సెగ పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, ఆ పచ్చివాసన నెయ్యి వేసినా పోదు. బెల్లం, ఇంట్లో కాచిన నెయ్యి, అంతే. పిల్లలకి, బాలింతలకి కావాలంటే ఉండలు చిన్నవిగా చుట్టి ఇస్తాం, ఆర్డరులో రాయండి.

తెర మీద: సున్నుండలు, కిలో 750 రూపాయలు.

దృశ్యం: పల్చటి పూతరేకుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాలి. అవతల ఉన్న చెయ్యి కనపడాలి.

నేను: పూతరేకుల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. రేకులు మేము తియ్యం. బోర్లించిన కుండని వేడి చేసి, బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఒక్కసారి అలా పరిచి లాగితే వచ్చే రేకు ఇది. ఆ చెయ్యి ఆత్రేయపురం ఆడవాళ్ళదే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి నుంచి రేకులు తెప్పించుకుని, మా ఇంట్లో నెయ్యి రాసి, బెల్లం పొడి, జీడిపప్పు, బాదం వేసి మడతపెడతాం. నెయ్యి తక్కువైతే నోట్లో పొడిపొడిగా తగులుతుంది, అందుకని నెయ్యి దగ్గర వెనకాడం.

తెర మీద: బెల్లం పూతరేకులు, పది ఉన్న పెట్టె 300 రూపాయలు.

దృశ్యం: ఓవెన్ తలుపు తెరిస్తే కేకు. పైన కొబ్బరి కోరు ఎర్రగా కాలి ఉంది.

నేను: ఇది మాత్రం పూర్తిగా నాదండి. గోధుమపిండి, బెల్లం, మా ఊరి కొబ్బరి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు, అక్కడి కాయే ఇందులో పడుతుంది. మైదా లేదు, రంగు లేదు. పండక్కి పిండివంటలు వద్దనే పిల్లలు కూడా దీన్ని వదలరు. అర కిలో 400 రూపాయలు.

జంతికలు, చెక్కలు, బెల్లం గవ్వలు కూడా ఉన్నాయి, మూడూ కిలో 400. బొబ్బట్లు, కొబ్బరి లౌజు మాత్రం దగ్గరి ఊళ్ళకే. వాటిలో తడి ఎక్కువ, కొరియర్లో రెండు రోజులు తిరిగితే పాడవుతాయి. హైదరాబాద్ నుంచి ఎంత అడిగినా పంపను, దయచేసి ఏమీ అనుకోవద్దు.

దృశ్యం: అట్టపెట్టెలో అరిసెలు పేరుస్తున్న చేతులు. పొరకీ పొరకీ మధ్య బటర్ పేపరు. మూత మీద తయారుచేసిన తేదీ చేత్తో రాస్తూ.

నేను: చల్లారాకే పెట్టెలో పెడతాం. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది. ప్రతి పెట్టె మీద చేసిన తేదీ, వేసిన సరుకులు రాసి ఉంటాయి. ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషన్ నంబరు లేబుల్ మీదే ఉంటుంది.

సారె పంపేవాళ్ళు, కొత్త అల్లుడు గారు వస్తున్నవాళ్ళు కాస్త ముందుగా మాట్లాడండి. మన గోదావరి జిల్లాల్లో అల్లుడి ముందు పెట్టే పళ్ళెం ఎలా ఉండాలో నాకు తెలుసు. పది కిలోలు దాటిన సారెకి వెదురు బుట్టలు, పసుపు గుడ్డ మావే, దానికి డబ్బు తీసుకోం. అరిసెలు పెద్ద సైజు కావాలా, మామూలువా అన్నది ముందే చెప్పాలి.

దృశ్యం: అత్తయ్య, నేను పక్కపక్కన. ముందు పీట మీద అన్ని రకాలూ.

నేను: ఆర్డర్లు జనవరి 8 రాత్రి వరకే. ఆ తర్వాత ఎవరు అడిగినా ఒప్పుకోం. చేతులు నాలుగే, హడావుడిగా చేస్తే పాకం కుదరదు. వీడియో కింద మెసేజ్ పెట్టండి: ఏం కావాలి, ఎన్ని కిలోలు, ఏ ఊరు. సగం డబ్బు ముందు, మిగతాది పెట్టె అందాక. అమలాపురం, పి.గన్నవరం, రావులపాలెం వైపు మా ఆయన బండి మీద తెచ్చి ఇస్తారు, ఛార్జీ లేదు. మిగతా ఊళ్ళకి కొరియర్ ఖర్చు మీది.

అత్తయ్య: కనుమ సంగతి చెప్పమ్మా.

నేను: ఆ, కనుమ నాడు డెలివరీ లేదండి. ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, మేమంతా అక్కడే ఉంటాం. కనుమకి కావాల్సినవాళ్ళకి కూడా భోగి లోపలే అందేలా చూస్తాం. మీ ఇంటికి చుట్టాలు ఏ రోజు దిగుతున్నారో మెసేజ్‌లో రాయండి, దాన్ని బట్టే బియ్యం నానబోస్తాం.

తెర మీద: ఆర్డర్లు జనవరి 8 రాత్రి వరకు. అంబాజీపేట. వీడియో కింద మెసేజ్ పెట్టండి.